చీటీ ఉంటే భయం, లేకుంటే నమ్మకం

పెళ్లిళ్ల కాలం దగ్గరపడితే చాలు, విశాఖపట్నం మందుల షాపుల్లో ముఖం తెల్లబరిచే క్రీములకు గిరాకీ పెరుగుతుంది. జగదాంబ కూడలి మొదలు గాజువాక దాకా ఎక్కడైనా క్రీము పేరు చెబితే ట్యూబు చేతికి వస్తుంది. డాక్టరు చీటీ ఏదని అడిగే నాథుడు అరుదు. అదే షాపుకు, బిడ్డ మోచేతి మడతల్లో ఎగ్జిమాకు వైద్యుడు రాసిన హైడ్రోకార్టిసోన్ చీటీతో వచ్చిన తల్లి మాత్రం అది స్టెరాయిడని తెలియగానే వెనకాడుతుంది. స్టెరాయిడ్ రాస్తే చర్మం పలచబడిపోతుందని ఆమెకు ఎవరో చెప్పి ఉంటారు. ఆ చెప్పిన మనిషే రాత్రి పడుకునే ముందు ముఖానికి అంతకంటే ఎన్నో రెట్లు బలమైన స్టెరాయిడ్ రాసుకుంటున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. వైద్యుడు లెక్కగట్టి రాసిన మందుకు భయపడటం, లెక్కాపత్రం లేకుండా చేతికొచ్చిన మందును నమ్మడం ఈ నగరానికి అలవాటైంది. ఈ రెండు నాల్కల ధోరణిని ఇక ఉపేక్షించడం తగదని ఈ పత్రిక భావిస్తోంది.

మంగు మచ్చలకని అమ్ముతున్న క్రీమునే తీసుకుందాం. అందులో సాధారణంగా మూడు మందులుంటాయి: చర్మపు రంగును తగ్గించే హైడ్రోక్వినోన్ 2 శాతం, పైపొరను రాల్చే ట్రెటినోయిన్ 0.025 శాతం, స్టెరాయిడ్ అయిన మొమెటాసోన్ 0.1 శాతం. ఈ కలయికకు మూలం 1975లో అమెరికాలో వెలువడిన ఒక సూత్రం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో అనుమతించిన మూడు మందుల క్రీములో తక్కువ బలం గల ఫ్లూసినోలోన్ 0.01 శాతం మాత్రమే ఉంది. అది కూడా వైద్యుని పర్యవేక్షణలో 8 వారాల వరకే. మన దేశంలో ఆ స్థానంలోకి ఎక్కువ బలం గల మొమెటాసోన్ వచ్చి కూర్చుంది. 8 వారాల పరిమితి సంగతి షాపులో చెప్పేవారు లేరు.

గాజువాకలో ఉద్యోగం చేసుకునే ఒక యువతి, స్నేహితురాలి మాట మీద ఈ క్రీము మొదలుపెట్టిందనుకుందాం. రాత్రికి అర గ్రాము చొప్పున రాసినా 15 గ్రాముల ట్యూబు నెలకు సరిపోతుంది. రెండు మూడు వారాల్లోనే ముఖం తేటపడుతుంది, చుట్టుపక్కల వారు మెచ్చుకుంటారు. ఆ తేటలో కొంత భాగం స్టెరాయిడ్ చర్మంలోని సన్నని రక్తనాళాలను బిగించినందువల్ల వచ్చిన పాలిపోవడమే. ఏ స్టెరాయిడ్ ఎంత బలమైనదో నిర్ణయించడానికి 1960ల నుంచి పరిశోధకులు వాడుతున్న పరీక్ష కూడా ఇదే: మందు రాసిన చోట చర్మం ఎంత పాలిపోయిందో చూస్తారు. ప్రయోగశాలలో మందు బలానికి కొలతగా చూసేదాన్ని మనం అందంగా చూస్తున్నాము.

నాలుగైదు నెలలకు కథ మారుతుంది. ఎండలోకి వెళ్తే ముఖం మండుతుంది, బుగ్గల మీద ఎర్రని సన్నని నరాలు తేలుతాయి, ఎన్నడూ లేని మొటిమలు గుంపుగా వస్తాయి, పెదవి పైన నూగు వెంట్రుకలు పెరుగుతాయి. భయపడి క్రీము ఆపేస్తే, అంతకాలం బిగిసి ఉన్న రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుని కొద్ది రోజుల్లోనే ముఖం ఎర్రగా ఉబ్బి మండిపోతుంది. మళ్లీ రాస్తే చల్లబడుతుంది. దాంతో ఆ యువతి క్రీము మంచిదని, ఆపడమే తప్పని నిర్ణయించుకుంటుంది. ఈ స్థితికి మన దేశ చర్మవైద్యులు 'స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం' అని పేరే పెట్టాల్సి వచ్చింది. రాస్తే తగ్గడం, ఆపితే ముదరడం అనే ఈ చక్రమే దాన్ని పట్టిచ్చే గుర్తు. దాని నుంచి బయటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బలమైన మందు నుంచి తక్కువ బలం గలదానికి దించడమా, పూర్తిగా ఆపి టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ కాని లేపనం ఇవ్వడమా అన్నది ముఖాన్ని చూసిన వైద్యుడే తేల్చాలి.

ముఖమే ఇంతగా ఎందుకు దెబ్బతింటుందంటే, చర్మం అన్నిచోట్లా ఒకే మందం కాదు గనుక. ముంజేతి లోపలి వైపు హైడ్రోకార్టిసోన్ ఎంత ఇంకుతుందో, నుదుటి మీద దానికి సుమారు 6 రెట్లు, దవడ దగ్గర 13 రెట్లు ఇంకుతుందని 1967లో జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధన కొలిచి చెప్పింది. అరికాలిలో మాత్రం ముంజేతితో పోల్చినా ఏడో వంతే. కాబట్టి తండ్రి మడమల పగుళ్లకు రాసిన ట్యూబును కూతురు బుగ్గలకు రాసుకుంటే, మందు ఒకటే అయినా మోతాదు ఒకటి కాదు. చంకలు, గజ్జలు వంటి మడతల్లో చర్మానికి చర్మం ఆనుకుని తనంతట తానే కట్టు కట్టినట్టు ఉంటుంది గనుక అక్కడా మందు ఎక్కువగా ఇంకుతుంది. కనురెప్పల మీద నెలల తరబడి రాస్తే కంటిలో ఒత్తిడి పెరగడం, శుక్లం రావడం వంటి ముప్పులూ ఉన్నాయి.

బలం విషయంలో ట్యూబు మీది అంకె కూడా మోసం చేస్తుంది. హైడ్రోకార్టిసోన్ 1 శాతం అత్యంత తేలికైన తరగతికి చెందితే, క్లోబెటసాల్ 0.05 శాతం అత్యంత బలమైన తరగతికి చెందుతుంది. శాతం ఇరవయ్యో వంతే అయినా బలం కొన్ని వందల రెట్లు. అంకె చిన్నదని ధైర్యపడి క్లోబెటసాల్ కొనేవారికి, దాన్ని వరుసగా 2 వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడరాదని, ముఖానికి అసలే వాడరాదని ఎవరు చెప్పాలి? విశాఖ ఉక్కపోతలో చెమటకు గజ్జల్లో తామర వచ్చినవారికి క్లోబెటసాల్‌తో పాటు ఫంగస్ మందు, రెండు సూక్ష్మజీవ నాశకాలు కలిపిన క్రీమును ఇచ్చే అలవాటు ఇంకా పోలేదు. అందులోని స్టెరాయిడ్ దురదను రెండు రోజుల్లో అణిచివేస్తుంది, అడుగున ఫంగస్ మాత్రం విస్తరిస్తుంది. అంచులు చెరిగి, రూపం మారిపోయిన ఆ తామరను తర్వాత గుర్తుపట్టడం వైద్యులకే కష్టం. 2018లో కేంద్రం నిషేధించిన 328 మిశ్రమ ఔషధాల్లో ఇలాంటివి ఉన్నాయని తెలిసి కూడా పేరు కొద్దిగా మార్చిన మిశ్రమాలను అమ్మనిస్తున్నారు.

ఇక రెండో నాలుక సంగతి. చర్మం పలచబడుతుందన్న భయం నిరాధారమేమీ కాదు. చర్మం మెరుస్తూ సిగరెట్ కాగితంలా ముడతలు పడటం, నరాలు కనబడటం, చిన్న దెబ్బకే కమిలిపోవడం దాని లక్షణాలు. తొలిదశలో మందు ఆపితే చాలావరకు కోలుకుంటుంది. తొడల మీద, చంకల్లో పడిన చారలు మాత్రం పోవు. అయితే అది మందు బలం, రాసిన చోటు, రాసిన కాలం మీద ఆధారపడి వచ్చే నష్టం. ఎగ్జిమా ముదిరినప్పుడు తగిన బలం గల స్టెరాయిడ్‌ను ఒకటి రెండు వారాలు సరిగ్గా రాస్తే అది వచ్చే అవకాశం చాలా తక్కువ.

చీటీతో వచ్చి వెనకాడిన తల్లి చేయవలసిన లెక్క ఇంత మాత్రమే. పెద్దవారి చూపుడు వేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబు నుంచి ఒక వరుసగా పిండితే వచ్చేది సుమారు అర గ్రాము. అది పెద్దవారి రెండు అరచేతులు, వేళ్లతో సహా, కప్పేంత చోటుకు సరిపోతుంది. అయిదేళ్ల బిడ్డ రెండు మోచేతి మడతలు, రెండు మోకాళ్ల వెనక మడతలు కలిపి దాదాపు అంత చోటే ఉంటాయి. అంటే రోజుకు ఒక్కసారి, అర గ్రాము. 10 రోజులకు 5 గ్రాములు. ఎరుపు, గరుకుదనం రెండూ పోయేదాకా రాసి ఆపాలి. చేత్తో తడిమితే నునుపు తగలాలి. మాటిమాటికీ తిరగబెట్టే బిడ్డలకు, తగ్గాక కూడా అవే చోట్ల వారానికి రెండు రోజులు రాసే పద్ధతిని వైద్యులు సూచిస్తారు. అలా చూసినా వారానికి ఒక గ్రామే. ఈ మధ్యలో చర్మం పొడిబారకుండా తేమ లేపనం రోజూ ఉండాల్సిందే.

భయపడిన తల్లి చేసేది వేరు. కందిగింజంత మందును నాలుగు చోట్లా పులిమి, దురద కాస్త తగ్గగానే మూడో రోజున ఆపేస్తుంది. అణగని వాపు మళ్లీ లేస్తుంది, బిడ్డ రాత్రంతా గోకుతుంది, చర్మం మొద్దుబారి నల్లబడుతుంది. చివరికి 10 రోజుల్లో ముగియాల్సిన వైద్యం విడతలు విడతలుగా నెలలు సాగి, ఎవరో ఇచ్చిన పేరు తెలియని లేపనం దగ్గర ఆగుతుంది. ఆ లేపనంలో క్లోబెటసాల్ కలిసి ఉంటే ఆమె ఏ భయంతో ఇంత దూరం వచ్చిందో ఆ భయమే నిజమవుతుంది.

అడిగినవారికి ఇవ్వకపోతే పక్క షాపుకు వెళ్తారని, ప్రతి దురదకూ స్పెషలిస్టు దగ్గరికి పరుగెత్తే స్తోమత అందరికీ లేదని దుకాణదారులు అంటారు. రెండోది నిజమే. కానీ స్తోమత లేనివారి కోసం ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. పైగా ముఖం తెల్లబడటం ఏ అత్యవసర వైద్యం కిందికీ రాదు. చీటీ లేకుండా ఇవ్వడం దయ అయితే, అదే దయ చీటీతో వచ్చిన తల్లికి వేలి కొస కొలత చూపించడంలో ఎందుకు కనిపించదు?

చట్టం లేదని చెప్పే వీలూ లేదు. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములను, చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్ పరిధిలోకి కట్టుదిట్టంగా తెచ్చింది. వైద్యుని చీటీ లేకుండా చిల్లరగా అమ్మరాదని అట్ట మీద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఉంటుంది. ఔషధ నియంత్రణ అధికారులకు దీన్ని పట్టుకోవడం కష్టమూ కాదు. చీటీ మందు అమ్మినప్పుడు రాసిన వైద్యుని పేరు రికార్డులో ఉండాలి. టోకు వ్యాపారి నుంచి ఎన్ని ట్యూబులు వచ్చాయో బిల్లుల్లో ఉంటుంది. వచ్చిన ట్యూబులకు, వైద్యుని పేరున్న అమ్మకాలకు మధ్య తేడా ఎంతో కూడిక తీసివేతలు వచ్చిన ఎవరైనా తేల్చగలరు. ఆ తేడాను ఈ నగరంలో ఎన్ని షాపుల్లో చూశారో, చూసి ఏం చేశారో అధికారులు బయటపెట్టాలి.

పాఠకులనూ ఒక మాట అడగాలి. ట్యూబు వెనక రాసిన మందుల పేర్లలో 'సోన్' అని ముగిసేది, 'బెటసాల్' అని కనిపించేది స్టెరాయిడ్ అని చదువుకున్న కుటుంబాలు కూడా చూడవు. బిడ్డకు రాసిన చీటీలో మాత్రం ఆ అక్షరాలను వెతికి మరీ పట్టుకుంటాయి. ఆ చూపును ఒక్కసారి స్నానాల గది అద్దం దగ్గరున్న ట్యూబు మీదికి తిప్పండి. దాని మీద మొమెటాసోన్ అనో, క్లోబెటసాల్ అనో ఉంటే, అది నెలల తరబడి ముఖానికి రాస్తున్నదైతే, పక్కింటివారి సలహా మీద ఆపకండి, కొనసాగించకండి. ట్యూబును పట్టుకుని చర్మవైద్యుని దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాత దాన్ని చీటీ అడగకుండా మీకు అమ్మిన షాపు పేరు ఔషధ నియంత్రణ శాఖకు రాసి ఇవ్వండి.