బాల్కనీలో శాలువా కప్పుకున్న పెద్దాయన

మా బాల్కనీలో ఒక అరేకా పామ్ ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ "వక్కలు ఎప్పుడు కాస్తుందండీ?" అని అడుగుతారు. పేరులో అరేకా ఉన్నా అది వక్కచెట్టు కాదని, మడగాస్కర్ నుంచి వచ్చిన వేరే జాతి అని నేను చెప్పడం పూర్తయ్యేసరికి వాళ్లు కాఫీ తాగేసి చెప్పులు వేసుకుంటూ ఉంటారు.

దసరా వెళ్లగానే దాని మట్టలు పసుపుపచ్చ అవడం మొదలైంది. ఈ మొక్కకి కాడలు పసుపుగా ఉండటం సహజమే కాబట్టి, రంగు తేలుతోందని మురిసిపోయాను. తరవాత ఆకు కొసలు ఎవరో అగరుబత్తితో కాల్చినట్టు గోధుమరంగులో మాడాయి. అప్పుడు టెన్షన్ పట్టుకుంది.

డిసెంబరులో ఒక రాత్రి హైదరాబాద్‌లో 11 డిగ్రీలకు పడిపోయింది. ఇంకేముంది, చలే దొంగ అనుకున్నాను. నా పాత శాలువా మొక్కకి చుట్టి, పైన మంకీ క్యాప్ తొడిగి పడుకున్నాను. తెల్లారి కింద వాచ్‌మన్ మా బాల్కనీ వైపు తిరిగి నమస్కారం పెడుతున్నాడు. ఎదురు బ్లాక్ మామ్మగారైతే మా ఆవిణ్ణి లిఫ్ట్‌లో ఆపి, "పెద్దాయన్ని రాత్రంతా చలిలో నిలబెట్టారేమ్మా?" అని నిలదీసింది.

"ఏమండీ, దసరాకి చలి ఎక్కడుంది?" అంది మా ఆవిడ, శాలువా ఊడదీస్తూ. నా దగ్గర సమాధానం లేదు. చలి దెబ్బైతే బాగా చలేసిన రాత్రి తరవాత నాలుగు రోజుల్లో, గాలి తగిలే వైపు మచ్చలు మచ్చలుగా కనబడాలి. మా మొక్క రెండు నెలల నుంచీ మాడుతోంది, అదీ గోడ వైపు మట్టలు కూడా సమానంగా.

ఆఫీసులో ఒక మిత్రుడు మెగ్నీషియం తగ్గిందేమో, లీటరు నీళ్లలో చెంచాడు ఎప్సమ్ సాల్ట్ కలిపి పొయ్యమన్నాడు. చెంచాడుతో ఏమవుతుందని నేను గుప్పెడు తీసి నేరుగా కుండీలో చల్లాను. వారంలో మాడు వేలెడు పొడవు పెరిగింది. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఆకులు చూశాను. మెగ్నీషియం లోపమైతే ముందు కింది ముదురు మట్టల్లో కనబడుతుంది. ఆకు అంచుల వెంట పసుపు పట్టీ వస్తుంది, మధ్యలో ఈనె పక్కన మాత్రం పచ్చగానే ఉంటుంది. మా దాంట్లో ఆ పట్టీ జాడే లేదు. నిన్నగాక మొన్న విచ్చుకున్న లేత మట్టకి కూడా కొసలు మాడాయి. మందు వేశాక జబ్బు వెతికే డాక్టరు నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అసలు దొంగని పట్టింది వాటర్ ప్యూరిఫయర్ బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడు. సింక్ కింద నీలం బకెట్ చూసి "ఇదేంటి సార్?" అన్నాడు. ప్యూరిఫయర్ వదిలేసే నీళ్లు వృథా చెయ్యకుండా ఏడాదిగా మొక్కకే పోస్తున్నానని గర్వంగా చెప్పాను. ఈ పొదుపు గురించి అపార్ట్‌మెంట్ మీటింగులో పది నిమిషాలు మాట్లాడాను కూడా. అతను నీళ్లలో కరిగిన ఉప్పుని కొలిచే మీటరు బకెట్లో ముంచాడు. మా బోరు నీళ్లు 620 చూపిస్తే, బకెట్ నీళ్లు 980. నేను తాగకుండా వదిలేసిన ఉప్పంతా మొక్క చేత తాగిస్తున్నాను! దానికి తోడు గుప్పెడు ఎప్సమ్ సాల్ట్, అదీ ఉప్పే.

కుండీ అంచు చూస్తే దోశపిండి ఎండినట్టు తెల్లటి చార. నీటితో పాటు ఉప్పు కూడా వేరు నుంచి ఆకు కొసదాకా ఎక్కుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. అందుకే మాడు కొసలో మొదలవుతుంది.

ఆదివారం మంజీరా నీళ్లు వచ్చే పూట కుండీని బాత్రూమ్‌కి ఈడ్చుకెళ్లాను. పైన పేరుకున్న తెల్లమట్టిని అంగుళం లోపే గీకి పారేశాను. తరవాత కుండీ పరిమాణానికి నాలుగు రెట్లు నీళ్లు, ఆగి ఆగి, మగ్గుతో పోశాను. కింద కన్నంలోంచి మొదట టీ రంగులో కారి, మూడో బకెట్‌కి తేటపడ్డాయి. నడుము పట్టేసింది. కింద పళ్లెంలో నిలిచిన నీటిని మళ్లీ పీల్చుకోకుండా పారబోశాను.

మాడిన కొసలు మళ్లీ పచ్చబడవు. సన్నటి గోధుమ గీత వదిలి కత్తిరించాను. పచ్చభాగంలో కత్తెర పడితే అక్కడ మళ్లీ మాడుతుంది. ఇక చూడాల్సింది కొత్త మొవ్వునే. సంక్రాంతి దాటి నెల రోజులకి అది విచ్చుకుంది, కొసదాకా పచ్చగా.

నీలం బకెట్ ఇప్పుడు బాత్రూమ్ కడగడానికి వెళ్లింది. వాచ్‌మన్ మాత్రం నిన్న గేటు దగ్గర ఆపి, గొంతు తగ్గించి అడిగాడు: "పెద్దాయన ఈమధ్య బయటికి రావట్లేదు, ఒంట్లో బాగానే ఉందా సార్?"