కామెంట్ తీసేస్తే గొడవ తగ్గదు

“షాపు మీద నెగటివ్ పోస్ట్ వస్తే ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం, డీఎం చేయండి’ అని పెట్టాలి. అంతకు మించి రాయొద్దు. సారీ చెప్తే తప్పు ఒప్పుకున్నట్టే, కేసు పడుతుంది. వినకపోతే కామెంట్ డిలీట్ చేయాలి.”

షాపుల వాళ్లకు ఇచ్చే ఈ సలహా ఎందుకు పనిచేయదో చూద్దాం. నల్గొండలో ఒక స్వీట్ షాపు అనుకుందాం. దసరాకు కొన్న కోవా బర్ఫీ మీద బూజు ఉందని ఒకాయన ఫొటో పెట్టాడు. ఊరి గ్రూపుల్లో అది తిరుగుతోంది.

కేసు భయం దగ్గర మొదలుపెడతాను, ఎక్కువ నష్టం చేసేది అదే. బిల్లు, ఫొటో ఉంటే ఆయన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అందుకు రెండేళ్ల గడువిచ్చింది. మీరు మౌనంగా ఉన్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు. జరిగినదానికి క్షమాపణ చెప్పడం వేరు, కారణం మాదేనని తేల్చకముందే రాయడం వేరు. రెండోది చేయకండి. మొదటిది ఇలా రాయొచ్చు:

“మీ ఫొటో చూశాం. పండక్కి కొన్న స్వీట్ అలా ఉన్నందుకు క్షమించండి. ఆ బ్యాచ్ అమ్మకం ఆపేశాం. బూజు ఎలా వచ్చిందో ఇంకా తేలలేదు, చూస్తున్నాం. బిల్లు, ఫోన్ నంబర్ మెసేజ్‌లో పంపండి, డబ్బులు ఇవాళే వాపస్ ఇస్తాం. ఏం తేలిందో రేపు సాయంత్రం 6 గంటలకు ఇక్కడే రాస్తాం.”

అమ్మకం నిజంగా ఆపాకే ఆ మాట రాయాలి. ‘చింతిస్తున్నాం’ అన్న రెడీమేడ్ వాక్యంలో బూజు మాటే లేదు. పోస్ట్ చదివే మిగతా కొనుగోలుదారులకు కావలసింది ఆ సంగతే. 2017 ఏప్రిల్‌లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి ఒక ప్రయాణికుణ్ని ఈడ్చుకెళ్లిన వీడియో ప్రపంచమంతా చూసింది. సీఈఓ మొదటి ప్రకటన మాత్రం ప్రయాణికులకు వేరే ఏర్పాట్లు చేయాల్సి వచ్చినందుకు క్షమించమంది. జనం ఇంకా మండిపడ్డారు, మర్నాడు ఆయన సూటిగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

డీఎం అడగడంలో తప్పు లేదు. ఫోన్ నంబర్, అడ్రస్ అందరి ముందూ అడగకూడదు కదా. కానీ మాట అక్కడే ముగిస్తే, డబ్బులు తిరిగిచ్చిన సంగతి కూడా బయట ఎవరికీ తెలియదు.

ఇక డిలీట్. ఫేస్‌బుక్‌లో కామెంట్ హైడ్ చేస్తే రాసినవాడికి, అతని ఫ్రెండ్స్‌కి కనిపిస్తూనే ఉంటుంది. పూర్తిగా తీసేస్తే స్క్రీన్‌షాట్‌తో ఇంకో పోస్ట్ వస్తుంది. గూగుల్ రివ్యూను ఓనర్ తీసేయలేడు. నియమాలు మీరితే రిపోర్ట్ చేయొచ్చు, నచ్చలేదన్న కారణం చాలదు. బూతులు, బెదిరింపులు ఉన్నవి మాత్రం తీసేయండి, ఎందుకు తీశారో ఒక లైన్ రాయండి.

బూజు మీ షాపులో రాలేదని తేలినా ఎగతాళి వద్దు. ఏ రోజు చేసినది, ఎన్ని రోజులు నిల్వ ఉంటుందని డబ్బా మీద రాశారు, ఆయన ఎప్పుడు కొన్నాడు, అంతే చెప్పండి. ఇంకా ఏమీ తేలకపోతే, 6 గంటలకు ఆ మాటే రాసి, మళ్లీ ఎప్పుడు చెప్తారో టైమ్ పెట్టండి.