ఎవరి అయిదో తారీఖు?

మా ఎదురు ఫ్లాటు పరంధామయ్యగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఫోన్ మాట్లాడితే స్పీకర్ పెట్టాల్సిందే. అందుకే ఆయన కుటుంబ రహస్యాలన్నీ మా అంతస్తు మొత్తానికీ తెలుసు. పైన ఆయనకే ఇంకో ఫ్లాటుంది. అందులో ఉండే కిషోర్ కంపెనీ పని మీద ఆరు నెలలకని డాలస్ వెళ్లాడు. సామానంతా ఇక్కడే వదిలి తాళం వేసుకుపోయాడు కాబట్టి అద్దె నడుస్తూనే ఉంది. నెలకు 22,000. 5వ తారీఖులోగా కట్టాలి, దాటితే రోజుకు వంద. ఈ వంద షరతు పెద్దాయన సొంతంగా రాయించుకున్నది.

2025 నవంబరు 6, గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది.

పరంధామయ్య: ఏం బాబూ, సరిగ్గా నేను పళ్లెంలో చెయ్యి పెట్టాకే చేస్తావేం? మొన్నటిదాకా ఏడున్నరకు చేసేవాడివిగా!

కిషోర్: ఇప్పుడూ అదే టైముకు చేశానంకుల్. ఇక్కడ పొద్దున తొమ్మిది. మొన్న ఆదివారం మాకు గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఇదివరకు మీకూ నాకూ పదిన్నర గంటల తేడా, ఇప్పుడు పదకొండున్నర.

పరంధామయ్య: మీ గడియారం వెనక్కి తిప్పితే మా ఇంట్లో సాంబారు చల్లారుతోంది. సరే, అద్దె సంగతి చెప్పు.

కిషోర్: చెప్పేదేముందంకుల్, నిన్ననే వేసేశానుగా. 5వ తారీఖు.

పరంధామయ్య: నిన్న రాలేదు. ఇవాళ వచ్చింది. పొద్దున ఏడూ నలభై ఆరుకి మెసేజ్ వచ్చింది. అంటే 6. అంటే వంద.

కిషోర్: నేను నిన్న పంపితే, మీ బ్యాంకు రాత్రంతా దుప్పటి కప్పుకుని పడుకుంటే నాదా తప్పు?

పరంధామయ్య: (పళ్లెం పక్కకు జరిపిన చప్పుడు) ఆ మాట నాతోనా! నెఫ్ట్‌కి నిద్రేమిటి? 2019 డిసెంబరు నుంచి పగలూ రాత్రీ, పండగలూ ఆదివారాలూ నడుస్తూనే ఉంది. అరగంటకో బ్యాచ్ వెళ్తుంది. నువ్వు రాత్రి వేసుంటే తెల్లారేదాకా ఆగదు.

కిషోర్: స్క్రీన్‌షాట్ పంపానుగా!

పరంధామయ్య: పంపావు. తారీఖు ఉన్న చోట కత్తిరించి పంపావు.

కిషోర్: పెద్దగా కనపడాలని క్రాప్ చేశానంకుల్, అంతే.

పరంధామయ్య: డబ్బు పంపిన ప్రతిసారీ బ్యాంకు వేసే యూటీఆర్ నంబరు కత్తిరించడం మర్చిపోయావు నాయనా. మొదటి నాలుగూ బ్యాంకు పేరు తాలూకు అక్షరాలు. ఆ పక్కన ఒక అంకె. ఆ తర్వాత 25310. దీని అర్థం తెలుసా?

కిషోర్: పిన్‌కోడా?

పరంధామయ్య: నీ తలకాయ! 25 అంటే సంవత్సరం. 310 అంటే అందులో ఎన్నో రోజు. అక్టోబరు ఆఖరుకి 304 రోజులు, ఆ పైన ఆరు. నవంబరు 6!

కిషోర్: అంకుల్, నేను ఓకే కొట్టినప్పుడు ఇక్కడ 5 సాయంత్రం ఏడూ నలభై. కిటికీలోంచి చూస్తే చీకటి.

పరంధామయ్య: ఇక్కడ 6 పొద్దున ఏడూ పది. కిటికీలోంచి చూస్తే పాలవాడు.

ఇక్కడ నేను తలుపు ఇంకాస్త తెరిచాను. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ నిజం చెబుతూ కొట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

పరంధామయ్య: అసలు మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఏమని పెట్టావు? "రేపు వేసేస్తా" అని. మంగళవారం 4. రేపంటే 5. సరే అనుకున్నా.

కిషోర్: అది నాకు సోమవారం రాత్రి. నా రేపు మంగళవారం. ఆఫీసు నుంచి రాగానే కూర్చున్నా కూడా. కానీ ఓటీపీ ఇక్కడి నంబరుకి రాదు. ఆ సిమ్ము రాజమండ్రిలో నాన్న దగ్గర ఉంది. నాకు మంగళవారం సాయంత్రం ఏడున్నరంటే, అక్కడ బుధవారం పొద్దున ఏడు. కార్తిక పౌర్ణమి. నాన్న గోదావరిలో మునుగుతున్నారు, ఫోను ఇంట్లో దేవుడి గూట్లో మోగుతోంది. ఆయన తడిబట్టలతో వచ్చి అంకెలు చదివేసరికి ఓటీపీ టైము అయిపోయింది.

పరంధామయ్య: పాపం. రెండోసారి వేయొచ్చుగా?

కిషోర్: వేద్దామనుకునేలోపే దీపాలు వెలిగించాలని మళ్లీ గుడికెళ్లిపోయారు. అందుకే మీకు "రేపు తప్పకుండా" అని పెట్టా.

పరంధామయ్య: అదే, అదే! అది నాకు 5 పొద్దున ఏడున్నరకు వచ్చింది. రేపంటే 6! నాకు బీపీ పెరగదూ? వెంటనే "రేపు కుదరదు, ఈరోజే వెయ్యి" అని కొట్టాను.

కిషోర్: ఆ మెసేజ్ నా ఫోన్లో 4వ తారీఖు రాత్రి ఎనిమిదింటికి కనపడింది! 5 దాకా గడువుంటే, నాలుగునే ఇంత ఆరాటమేంటి, అంకుల్‌కి డబ్బు ఇబ్బందేమోనని జాలిపడ్డాను కూడా.

పరంధామయ్య: జాలా! నా మీద!

కిషోర్: పైగా దానికి ముందు మీరేగా పౌర్ణమి శుభాకాంక్షలు పంపింది? దీపం బొమ్మతో. అది నాకు 4 సాయంత్రం అయిదింటికి వచ్చింది. ఒకరోజు ముందే చెబుతున్నారు, పెద్దవాళ్లు కదా అనుకున్నా.

పరంధామయ్య: తెల్లవారుజామున నాలుగున్నరకు స్నానం చేసి, వణుకుతూ పంపాను. నీకు సాయంత్రం చేరిందా? అదీ ముందురోజు సాయంత్రం?

కిషోర్: వాట్సాప్ ఎవరి ఫోన్లో వాళ్ల ఊరి టైమే చూపిస్తుందంకుల్.

పరంధామయ్య: అయితే అగ్రిమెంటులో 5 అంటే ఏ ఊరి 5?

కిషోర్: అందులో రాయలేదుగా.

పరంధామయ్య: ఫ్లాటు ఏ ఊళ్లో ఉంది?

కిషోర్: కూకట్‌పల్లి.

పరంధామయ్య: నీ ఖాతా?

కిషోర్: అదీ అక్కడే.

పరంధామయ్య: మరి తారీఖు ఒక్కటీ అమెరికాదెందుకయ్యా?

అటువైపు కాసేపు మాట లేదు. డాలస్‌లో ఎవరో కాఫీ మిషన్ నొక్కిన శబ్దం మా వసారాలో వినిపించింది.

కిషోర్: సరే అంకుల్. వంద ఇస్తా. వచ్చే నెల కలిపి వేస్తాను.

పరంధామయ్య: కలిపితే 22,100 అని పడుతుంది, నా పుస్తకంలో లెక్క చెడుతుంది. విడిగా వెయ్యి.

కిషోర్: వంద రూపాయల కోసం నాన్నను ఓటీపీ అడిగితే పరువు పోతుందంకుల్! రేపు...

పరంధామయ్య: ఆగు! ఆ మాట అనకు. ఇప్పుడు మీ దగ్గర తారీఖెంత?

కిషోర్: 6.

పరంధామయ్య: మాకూ 6. ఇద్దరికీ ఒకే తారీఖు దొరికింది. ఇంకో మూడు గంటలు దాటితే ఇక్కడ 7 వచ్చేస్తుంది. ఈలోపు వేసెయ్, ఎవరి లెక్కలోనైనా ఒకటే.

కిషోర్: మీటింగ్ ఉంది. అవగానే వేస్తా.

మర్నాడు పొద్దున లిఫ్టు దగ్గర పెద్దాయన కనపడి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ నా ముఖం దగ్గర పెట్టారు. వంద రూపాయలు జమ. సమయం రాత్రి పన్నెండూ నాలుగు. తారీఖు 7.

"వాళ్ల నాన్నను పదకొండున్నరకు నిద్ర లేపాడట. ఆయన కళ్లజోడు వెతుక్కునేసరికి ఇంతైంది" అన్నారు.

"మరిప్పుడెలా సార్?"

"ఎలా ఏముంది? యూటీఆర్ చూడాలి. 310 ఉంటే వదిలేస్తా. 311 ఉంటే ఇంకో వంద."

కళ్లజోడు కిందికి దించి, లిఫ్టు వచ్చినా ఎక్కకుండా, అంకెలు ఒక్కొక్కటే వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.