లాకిన్ మహాత్మ్యం

అద్దె ఇళ్ల అగ్రిమెంట్లలో లాకిన్ క్లాజు మొదట రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు విజయవాడ బెంజి సర్కిల్లో విగ్రహం పెట్టించాల్సిందే. గడువుకు ముందే ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె అంతా కట్టాలట. నెల నోటీసు దానికి అదనం. ఓనరు మాత్రం ఎప్పుడైనా నెల నోటీసిచ్చి మనల్ని పంపించెయ్యొచ్చు. సమన్యాయమంటే ఇదే.

మా తోడల్లుడు పటమటలో ఒక పోర్షన్లో ఉంటున్నాడు. అద్దె 15,000, అడ్వాన్సు 45,000. అగ్రిమెంటు 11 నెలలకు, అందులో లాకిన్ 8 నెలలు. నాలుగు నెలలు నిండేసరికి గుంటూరు బదిలీ అయింది. ఖాళీ చేస్తానని చెప్పాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఓనరుగారు సెల్‌ఫోన్ టార్చి వేసుకుని గోడల తనిఖీకి వచ్చారు. హాల్లో మేకు కనిపించింది. "క్యాలెండర్ తగిలించారా?" అని నిలదీశారు. ఆ మేకు మేం దిగినప్పటికే ఉందండీ అంటే, "ఉన్న మేకుకైనా తగిలిస్తే గోడ మీద బరువు పడదా?" అన్నారు. వంటింటి గోడను గోటితో గీకి, ఆ గోరును వాసన చూసి, పోపు ఎక్కువ వాడుతున్నారని తేల్చారు. పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పడింది. అంతకుముందు ఉన్నవాళ్ల దగ్గరా పెయింటింగ్‌కని పట్టుకున్నారట. ఆ గోడలు బ్రష్షు మొహం చూసిన దాఖలా మాత్రం లేదు. ఈ విచారణ లోపల సాగుతుండగానే, బయట వాళ్లబ్బాయి గేటుకు టు-లెట్ బోర్డు కట్టేస్తున్నాడు.

తర్వాత కరెంటు బిల్లు వెనకాల లెక్క రాశారు. లాకిన్ బాకీ నాలుగు నెలలకు 60,000, నోటీసు 15,000, పెయింటింగ్ 15,000. మొత్తం 90,000లో అడ్వాన్సు పోగా ఇంకో 45,000 తెమ్మన్నారు.

ఆ 90,000 చూసి మావాడికి టెన్షన్ పట్టుకుంది. కానీ మధ్యలో వెళ్లిపోతే అయ్యే అసలు ఖర్చు అది కాదు. ఈ రోజు నుంచి లాకిన్ ముగిసేదాకా జేబులోంచి పోయే డబ్బును రెండు రకాలుగా వేసుకోవాలి, వెళితే ఎంత, ఉంటే ఎంత అని. రెండింటి తేడాయే అసలు ఖర్చు. ఇప్పటిదాకా కట్టింది రెండు వైపులా రాయక్కర్లేదు. పెయింటింగ్ ఎప్పుడు ఖాళీ చేసినా పట్టుకుంటారు కాబట్టి అదీ కొట్టేయండి.

ఉంటే నాలుగు నెలల అద్దె 60,000. రోజూ గుంటూరు పోయి రావడానికి బస్సులకూ ఆటోలకూ నెలకు 4,000 చొప్పున 16,000. మొత్తం 76,000. నోటీసు ఏడో నెల చివర ఇస్తే చాలు, దానికి వేరే ఖర్చు లేదు.

వెళితే ఓనరుకు 60,000, నోటీసు పేరుతో 15,000, గుంటూరులో 11,000 చొప్పున కొత్త అద్దె 44,000. మొత్తం 1,19,000. అంటే తేడా 43,000. లాకిన్ నెలల అద్దె కడుతున్నప్పుడు నోటీసు నెల కూడా అందులోనే ఉంటుంది కదా అని వాదించి గెలిస్తే 28,000.

ఇక అసలు విషయం. ఒక్క నెలలో కొత్తవాళ్లు దిగితే? ఓనరుకు పోయింది 15,000. అంతే ఇస్తే, కొత్త అద్దెతో కలిపి మావాడికయ్యేది 59,000. అంటే అక్కడే ఉండిపోవడం కంటే వెళ్లిపోవడం 17,000 చవక!

దిగేటప్పుడు "ఈ ఇంటికి క్యూ కడతారు, ఇవాళే అడ్వాన్సు ఇవ్వండి" అన్న మనిషే, ఖాళీ చేస్తామంటే "ఇప్పుడెవరొస్తారండీ" అంటాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఒకే గదికి ఒకే నెలకు ఇద్దరి దగ్గర అద్దె తీసుకోవడాన్ని మామూలు భాషలో దోపిడీ అంటారు. స్టాంపు పేపరు మీద రాసినంత మాత్రాన అది ఇంకోటి అయిపోదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే. ఆ హద్దులోపల ఇవ్వాల్సింది న్యాయమైన పరిహారం. నష్టాన్ని తగ్గించుకునే అవకాశం ఉండీ వాడుకోకపోతే, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలని 73వ సెక్షన్ వివరణ చెబుతోంది. అయినా మన 45,000 ఆయన బీరువాలో ఉంది. దానికోసం కోర్టుకెళితే వకీలు ఫీజే అంతకు మించుతుంది. ఆ ధైర్యంతోనే కదా ఈ క్లాజులు!

అందుకే బేరమేదో సంతకానికి ముందే ఆడాలి. "కొత్త అద్దెదారు దిగిన రోజు నుంచి పాతవారి లాకిన్ బాధ్యత ముగుస్తుంది, నోటీసు కాలం లాకిన్‌లో భాగమే" అని ఒక్క వాక్యం రాయించండి. సంతకం అయిపోయినవాళ్లు, బాకీ నెలల అద్దె మొత్తం కట్టాల్సి వస్తే ఆ నెలలు అయ్యేదాకా తాళాలు ఇవ్వకండి. ముందే తాళాలు కావాలంటే, ఆ రోజు నుంచి అద్దె ఆగిపోయిందని రాసివ్వమనండి. మావాడు అడిగితే ఓనరుగారు, "ఇన్నేళ్లలో ఇలాంటి మాట అడిగినవాళ్లే లేరు" అని నొచ్చుకుని, కరెంటు బిల్లు మళ్లీ తిప్పి, నోటీసు తాలూకు 15,000 కొట్టేశారు.