ఫోన్‌లో "నేనూ" అంటే చాలదా?

"ఆఫీసులో నలుగురి మధ్య ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి, చివర్లో ఐ లవ్ యూ అంది. సరే సరే అని పెట్టేశాను. అలిగింది. పెద్దవాళ్ల ముందు, ఆఫీసులో ఏ మాటలు అనొచ్చు, ఏవి అనకూడదు?"

తమ్ముడు: అన్నీ అనొచ్చు. కట్టుకున్నదాన్ని ప్రేమించడం దొంగతనమా? నేనైతే మా మామగారి ముందే "లవ్ యూ రా బంగారం" అన్నాను. ఆయన ఏమీ అనలేదు.

అక్క: ఆయన సంగతి సరే. మీ ఆవిడ?

తమ్ముడు: లేచి లోపలికి వెళ్లిపోయింది. సిగ్గు అనుకున్నా.

అక్క: అడిగి చూడు. "బంగారం" అన్నందుకైతే కాదు. పిల్లల్నీ అలాగే పిలుస్తాం కాబట్టి పెద్దవాళ్ల చెవికి అది ముద్దుమాటే. చిక్కంతా ఆ "రా"తో. మీ ఇద్దరి మధ్య అది చనువు. కన్నతండ్రి చెవిన పడితే కూతుర్ని తేలిక చేసినట్టు ఉంటుంది. గదిలో మొగుణ్ణి "ఒరేయ్" అనే అమ్మాయి కూడా అత్తగారి ముందు "ఏవండీ" అంటుంది. ప్రేమ తగ్గి కాదు.

తమ్ముడు: అంటే ప్రేమ దాచుకోమనేగా?

అక్క: దాచక్కర్లేదు. "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" అను, ఎంతమంది ఉన్నా ఫర్వాలేదు. వినేవాళ్లకి ఇల్లే కనిపిస్తుంది, ఆవిడకి మాత్రం నువ్వు కనిపిస్తావు. అదే "నువ్వు లేక నిద్ర పట్టట్లేదు" అన్నావనుకో, పక్కవాళ్లు తల దించుకుంటారు. "నువ్వంటే ఇష్టం" నలుగురిలో నిలబడుతుంది. "నువ్వు కావాలి" నిలబడదు. పడక, ఒళ్లు గుర్తొచ్చే మాట ఏదైనా గదిలోనే.

తమ్ముడు: మరి ఆఫీసులో ఉన్న ఈయన ఏమనాలి?

అక్క: "నేనూ" అంటే చాలు. ఆ చివరి దీర్ఘంలోనే "కూడా" ఉంది. పక్క సీటాయన ఆవిడ అన్నది వినలేదు కాబట్టి, నువ్వు భోజనానికి బయల్దేరుతున్నావనుకుంటాడు. స్పీకర్‌లో ఉంటే మాత్రం ఇది పనిచేయదు.

తమ్ముడు: ఇది నాకు నచ్చలేదక్కా. ఆవిడ పూర్తి మాట అంది, ఈయన సగం మాటతో సరిపెడితే ఎలా? మా ఆఫీసులో ఒకాయన రోజూ ఫోన్‌లో "లవ్ యూ" అనే పెడతాడు, ఎవరూ తల కూడా తిప్పరు.

అక్క: ఆఫీసు వరకూ నువ్వన్నది నిజమే. ఫోన్ పెట్టేముందు గబుక్కున అనే "లవ్ యూ" ఇప్పుడు "ఉంటా మరి" లాంటిదే. "నిన్ను ప్రేమిస్తున్నాను" అని తెలుగులో అంటే మాత్రం అందరూ తిరిగి చూస్తారు. ఇక సగం మాట అంటావా, రాత్రి ఇంటికెళ్లి పూర్తిచేయాలి. చేయకపోతే ఆవిడ అలకలో తప్పులేదు.

తమ్ముడు: నలుగురిలో వినాలనే ఆవిడ కోరికైతే?

అక్క: అది ఆవిడనే అడగాలి. నువ్వు కూడా ముందు ఆ "రా" సంగతి అడుగు.