నంబరుపై నిషేధం, చాట్‌లకు తాళం

మంగళగిరిలో చీరలు అమ్మే ఒకామె ఉన్నారనుకుందాం. పండుగకు ముందు రెండు వందల నంబర్లకు ఒకే ఫొటో పంపారు. ఎవరో తెలియని నంబరని కొందరు ఫిర్యాదు చేశారు. తెల్లవారేసరికి ఆమె ఖాతాపై వాట్సాప్ నిషేధం పడింది. ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఏ చీర ఏ చిరునామాకు వెళ్లాలి అన్న లెక్కంతా ఆ చాట్‌లలోనే ఉంది.

ఆ లెక్క చెరిగిపోలేదు. గ్రహీతకు చేరిన సందేశాలను వాట్సాప్ మామూలుగా తన సర్వర్లలో దాచదు. అవి ఆమె ఫోనులోనే ఉన్నాయి, బ్యాకప్ పెట్టుకుని ఉంటే గూగుల్ ఖాతాలోనూ ఉన్నాయి. కానీ వాటిని చూపించాల్సిన యాప్ నిషేధం తెర దగ్గరే ఆగిపోతుంది.

చాలామంది ఇక్కడే కంగారుపడి యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటారు. ఇంతకంటే నష్టం చేసే పని లేదు. యాప్ తీసేయగానే దాని లోపలి డేటాబేసు పోతుంది, మిగిలేది బ్యాకప్ ఒక్కటే. బ్యాకప్ తెరుచుకోవాలంటే అదే నంబరును ధ్రువీకరించాలి. నిషేధంలో ఉన్న నంబరుతో అది కుదరదు. కొత్త సిమ్ తీసుకున్నా పాత నంబరు బ్యాకప్ దానిలోకి రాదు. గ్యాలరీలో చేరిన ఫొటోలు మాత్రం కనిపిస్తాయి. బేరం మాటలు కనిపించవు.

కాబట్టి చాట్‌లకు దారి అప్పీలే. నిషేధం తెర మీదే సమీక్ష కోరే మీట ఉంటుంది. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఆరంకెల కోడ్ ఇచ్చి, జరిగింది రాసి పంపాలి. ఖాతా తిరిగి వస్తే, యాప్ తీయని ఫోనులో చాట్‌లు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. తిరస్కరిస్తే మన దేశంలో ఇంకో మెట్టు ఉంది. కంపెనీ ఫిర్యాదుల అధికారి సాధారణంగా 7 రోజుల్లో తేల్చాలి. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం 2023లో ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి gac.gov.in ద్వారా వెళ్లవచ్చు. కమిటీ 30 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని నిబంధన. ఆమె ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకపోయినా నెల పైనే గడిచిపోవచ్చు. అప్పటికి పండుగ అయిపోతుంది, అడ్వాన్సు ఇచ్చినవారు తలుపు తడుతుంటారు.

నాకు అన్యాయంగా తోచేది ఈ నిరీక్షణే. స్పామ్‌ను ఆపాలంటే పంపడం ఆపితే చాలు. తన ఫోనులో ఉన్న తన మాటలు చదువుకుంటే ఎవరికీ హాని లేదు. సమీక్ష నడిచినన్నాళ్లూ చాట్‌లను చదవడానికి, ఎగుమతి చేసుకోవడానికి మాత్రం యాప్ తెరుచుకోవాలి. ఐటీ నిబంధనలు అప్పీలుకు గడువు పెట్టాయి గానీ ఈ నిరీక్షణ కాలంలో సొంత సమాచారం అందాలని చెప్పలేదు. సవరించాల్సింది అక్కడే.

అంతవరకూ ఆమె ఆ యాప్‌ను ఫోనులోంచి తీయకూడదు, ఆ సిమ్‌ను వదులుకోకూడదు. ఖాతా తిరిగి వచ్చిన రోజున కొత్త ఆర్డర్లు చూడకముందే, అడ్వాన్సులు ఇచ్చినవారి చాట్‌లను ఒక్కొక్కటిగా ఎగుమతి చేసి వాట్సాప్ బయట దాచుకోవాలి.