అర శాతం ఆదా

ఇంటి లోను ఇంకా ఎనిమిది లక్షలుంది, నాలుగేళ్లలో తీరిపోతుంది. వడ్డీ 9 శాతం. ఇంకో బ్యాంకువాళ్లు ఫోన్ చేసి, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే ఎనిమిదిన్నరకే ఇస్తామన్నారు. ఎనిమిది లక్షల మీద అర శాతమంటే ఏడాదికి నాలుగు వేలు, నాలుగేళ్లకు పదహారు వేలు! లెక్కల్లో నాకు ఎప్పుడూ ముప్పై ఐదు దాటలేదు కానీ, ఇది నోటితోనే వచ్చేసింది. ఆ ఊపులో లాగిన్ ఫీజు 2,360 కట్టేసి, ఆ తర్వాత ఇంట్లో చెప్పాను.

"ఈఎంఐ కూడా సగమవుతుందట! ఇరవై వేల దగ్గర్నుంచి పది వేలకి."

మా ఆవిడ కరెంటు బిల్లు తిరగేసి, ఫోన్‌లో ఈఎంఐ కాలిక్యులేటర్ తెరిచింది.

"అర శాతానికే ఈఎంఐ సగమవుతుందాండీ? ఎన్నేళ్లకి?"

పదేళ్లకట. ఆ ముక్క నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడున్న లోనుకి ఇకపై కట్టాల్సిన వడ్డీ లక్షా యాభై ఐదు వేలైతే, పదేళ్లకి సాగదీస్తే మూడు లక్షల తొంభై వేలు. బిల్లు మీద ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేసి, పెన్ను కొనతో టకటకా కొట్టింది.

"సరే, నాలుగేళ్లే ఉంచుదాం. పదహారు వేలు మిగుల్తాయి కదా!"

"అసలు నెలనెలా తగ్గుతుంటే, అర శాతం ఎప్పుడూ ఎనిమిది లక్షల మీదే ఎలా వస్తుందండీ?"

కాలిక్యులేటర్ కూడా ఆవిడ పక్షమే. ఈఎంఐ 19,908 నుంచి 19,719కి దిగింది. నెలకు 189. నాలుగేళ్లకి తొమ్మిది వేల చిల్లర.

ఇక ఖర్చులు. ప్రాసెసింగ్ ఫీజు అర శాతం, జీఎస్టీతో 4,720 (నా లాగిన్ ఫీజు ఇందులోదే). లాయరుకీ, ఇంటి విలువ కట్టేవాడికీ కలిపి 3,500. దస్తావేజులు కొత్త బ్యాంకులో తాకట్టు పెట్టడానికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ నాలుగు వేలు. అంతా కలిపితే 12,220.

"అంటే తొమ్మిది వేలు మిగుల్చుకోడానికి పన్నెండు వేలు ఖర్చు పెడుతున్నారు" అంది, చాలా మామూలుగా. అదే పదిహేనేళ్ల బాకీ ఉంటే ఈ ఖర్చు నాలుగున్నరేళ్లలోపే తిరిగొచ్చేసేది, ఆపైనంతా మిగులే. నాకున్నది చివరి నాలుగేళ్లు.

మర్నాడు పాత బ్యాంకుకెళ్లి, లోను మూసేసి వేరే బ్యాంకుకి మారతాను, ఫోర్‌క్లోజర్ లెటర్ కావాలని గంభీరంగా అడిగాను. కౌంటర్ వెనకాయన తలెత్తకుండానే, "ఎందుకు సార్, కొత్త కస్టమర్లకి మేమూ ఎనిమిదిన్నరకే ఇస్తున్నాం. ఒక అప్లికేషన్ పెట్టి కన్వర్షన్ ఫీజు కడితే మీకూ మారుస్తాం" అన్నాడు. ఆ ఫీజు కూడా సరిగ్గా 2,360! మూడేళ్లుగా నా దగ్గర తొమ్మిది తీసుకుంటూ ఈ ముక్క చెప్పలేదేమని అడిగితే, "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు.

సంతకం పెట్టేసి, విజయగర్వంతో ఇంటికొచ్చాను. లాగిన్ ఫీజు వెనక్కి రాదు, పోతే పోయింది. లెక్క మరోసారి చూసుకుని మురిసిపోదామని ఆ కాగితం తీశాను. వెనక్కి తిప్పితే అది ఈ నెల కరెంటు బిల్లు. గడువు నిన్నటితో అయిపోయింది.